సులైమాన్ మరణం – జిన్నుల అజ్ఞానం: ఇస్లాం మూలగ్రంథాలు, జనశ్రుతి కథల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
కోరిన కోరికలు తీర్చేదిగా, దాగిన నిధుల జాడ చెప్పేదిగా, ఉంగరమో దీపమో ఎవరి చేతిలో ఉంటే వారికి దాస్యం చేసేదిగా జిన్ను మన పాఠకులకు పరిచితం. ఇస్లాం మూలగ్రంథాలు చెప్పే జిన్ను ఇందుకు చాలా భిన్నమైనది. ఖురాన్‌లోని సులైమాన్ ప్రవక్త మరణఘట్టాన్ని ఆధారంగా చేసుకొని, ఆ ఘట్టం వ్యాఖ్యానాలలో ఎలా విస్తరించిందో, ‘వెయ్యిన్నొక్క రాత్రులు’ కథలలో ఏ రూపం తీసుకుందో, అల్లావుద్దీన్ కథకు వచ్చేసరికి ఎక్కడ తెగిపోయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జిన్ను, ఖురాన్, హదీసు, తఫ్సీర్, సులైమాన్, అగోచరం, వెయ్యిన్నొక్క రాత్రులు, అల్లావుద్దీన్, భూతం.

1. ఉపోద్ఘాతం:

అరబ్బీలో ‘జ-న్-న్’ అనే ధాతువుకు కప్పబడడం, కంటికి కనబడకపోవడం అని అర్థం. గర్భంలోని శిశువును సూచించే ‘జనీన్’, చెట్ల నీడ కప్పిన తోటను సూచించే ‘జన్నత్’, బుద్ధి మరుగుపడినవాడిని సూచించే ‘మజ్నూన్’ ఈ ధాతువు నుండి ఏర్పడినవే. ‘జిన్’ కూడా ఈ కుటుంబానికి చెందిన పదమే. అరబ్బీలో అది సమూహవాచకం, దాని ఏకవచనం ‘జిన్నీ’. ఉర్దూలో బహువచనంగా వాడే ‘జిన్నాత్’కు తెలుగు బహువచన ప్రత్యయం చేరి, తెలుగు ఇస్లామీయ రచనలలో ‘జిన్నాతులు’ అనే రూపం స్థిరపడింది. ఇందులో బహువచనం రెండుమార్లు చేరిందన్నమాట. ఈ వ్యాసంలో సౌలభ్యం కోసం జిన్ను, జిన్నులు అనే రూపాలను వాడుతున్నాను.

ఖురాన్ ప్రకారం జిన్నులు ఒక ప్రత్యేక సృష్టి. మనిషిని మట్టితోను, జిన్నును పొగలేని అగ్నిజ్వాలతోను సృష్టించినట్లు 55వ అధ్యాయం చెబుతుంది. దేవదూతలు కాంతి నుండి సృష్టింపబడ్డారని ఆయిషా ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. కాబట్టి జిన్ను దేవదూత కాదు, మరణించిన మనిషి ఆత్మ కూడా కాదు. జిన్నులనూ మనుషులనూ దైవారాధన కోసమే సృష్టించినట్లు 51వ అధ్యాయం 56వ వాక్యం రెండు జాతులనూ జంటగా పేర్కొంటుంది. 55వ అధ్యాయంలో 31 సార్లు ఆవృత్తమయ్యే ప్రశ్న ద్వివచనంలో ఉండడానికి కారణం అది ఈ రెండు జాతులనూ ఉద్దేశించినది కావడమేనని వ్యాఖ్యాతలు వివరించారు. జిన్నులలో విశ్వాసులున్నారు, అవిశ్వాసులున్నారు. మనుషులలాగే వారికీ తీర్పుదినం ఉంది.

ఇంతవరకు పరిచయ గ్రంథాలన్నింటిలోనూ కనిపించే విషయమే. జిన్నుకు ఏమి తెలుసు, జిన్నుపై అధికారం ఎవరిది అనే రెండు ప్రశ్నల దగ్గర మాత్రం మూలగ్రంథాలకూ జనశ్రుతికీ దారులు వేరవుతాయి. ఈ రెండింటికీ సమాధానం సులైమాన్ వృత్తాంతంలోనే ఉంది.

2. ఖురాన్‌లో సులైమాన్ – జిన్నులు:

యూదు, క్రైస్తవ గ్రంథాలలో సొలొమోను అనే రాజుగా కనిపించే వ్యక్తి ఖురాన్‌లో రాజూ, ప్రవక్తా అయిన సులైమాన్. ఆయన సైన్యంలో జిన్నులు, మనుషులు, పక్షులు ఉన్నట్లు 27వ అధ్యాయం చెబుతుంది. జిన్నులు ఆయన కోసం చేసిన పనులను 34వ అధ్యాయం పేర్కొంటుంది. అవి ఎత్తైన కట్టడాలు, శిల్పాలు, తొట్లంతటి పళ్ళాలు, కదలని పెద్ద వంటపాత్రలు. గోడలు కట్టేవారు, సముద్రంలో మునిగి వెలికి తీసేవారు, సంకెళ్ళలో బంధింపబడినవారు ఉన్నట్లు 38వ అధ్యాయం చెబుతుంది. అక్కడ వాడిన పదం ‘షయాతీన్’. దుష్టస్వభావం గల జిన్నులనే ఆ పదం సూచిస్తుందని వ్యాఖ్యాతలు గ్రహించారు.

ఈ పనులన్నీ శరీరశ్రమకు సంబంధించినవి. రాళ్ళెత్తడం, లోహం పోతపోయడం, నీట మునగడం వంటి పనులలో జిన్నుల బలం మనుషుల బలం కన్నా ఎక్కువ. ఈ బలానికి కూడా హద్దు ఉన్నట్లు 27వ అధ్యాయంలోని సింహాసన ఘట్టం చూపుతుంది. సబా రాణి సింహాసనాన్ని ఎవరు తేగలరని సులైమాన్ అడిగినప్పుడు, ఆయన కూర్చున్న చోటి నుండి లేచేలోగా తెస్తానని ‘ఇఫ్రీత్’ అనే బలిష్ఠమైన జిన్ను ముందుకు వస్తుంది. గ్రంథజ్ఞానం కలిగిన మరొకరు రెప్పపాటులో తెస్తానంటారు. సింహాసనం వెంటనే ఎదుట నిలుస్తుంది. ఆ జ్ఞాని ఎవరో ఖురాన్ పేరు చెప్పదు. అతడు మనిషేనని, సులైమాన్ కొలువులోని ఆసఫ్ బిన్ బర్ఖియా అని అధిక సంఖ్యాక వ్యాఖ్యాతలు భావించారు. ఈ వ్యాఖ్యానం ప్రకారం జ్ఞానం గల మనిషి బలం గల జిన్నును మించాడు.

3. చేతికర్ర, చెదపురుగు:

34వ అధ్యాయం 14వ వాక్యం ఈ పరిశీలనకు కేంద్రం. దాని సారాంశం ఇది. దైవనిర్ణయం మేరకు సులైమాన్ మరణించాడు. ఆయన మరణాన్ని జిన్నులకు తెలియజేసింది ఆయన చేతికర్రను తింటున్న నేలపురుగు ఒక్కటే. కర్ర తెగి ఆయన నేలకు ఒరిగినప్పుడు అసలు విషయం బయటపడింది. జిన్నులకు అగోచర విషయాలు తెలిసి ఉంటే, అవమానకరమైన ఆ శ్రమలో అంతకాలం ఉండిపోయేవారు కారు.

ఈ వాక్యం నిర్మాణం గమనించదగినది. ముందు ఒక సంఘటన, తరువాత దాని నుండి తీసిన తర్కం ఉన్నాయి. జిన్నులకు పని ఇష్టం లేదు. పని చేయించేవాడు మరణించాడు. ఆ సంగతి తెలిస్తే వారు పని మానేవారే. మానలేదు కనుక వారికి తెలియదు. అగోచరం అంటే ఎక్కడో ఉన్న భవిష్యత్తు మాత్రమే అనుకోనక్కరలేదు. ఇక్కడ వారికి తెలియనిది తమ కళ్ళెదుట నిలిచి ఉన్న మనిషి ప్రాణంతో ఉన్నాడా లేడా అన్నదే. ఖురాన్ ఎంచుకున్న సందర్భంలోని బలం ఇదే.

ఈ వాక్యంలోని ‘తబయ్యనత్’ అనే క్రియను వ్యాఖ్యాతలు రెండు విధాలుగా అన్వయించారు. తమకు అగోచరం తెలియదని జిన్నులకే తేటతెల్లమైందన్నది ఒక అన్వయం. జిన్నుల సంగతి మనుషులకు తేటతెల్లమైందన్నది రెండవది. జిన్నులు తమకు అగోచరం తెలుసని మనుషులను నమ్మించేవారని, ఈ సంఘటనతో ఆ నమ్మకం పోయిందని రెండవ అన్వయాన్ని అనుసరించేవారు వివరిస్తారు. ఏ అన్వయం తీసుకున్నా జిన్నుల సర్వజ్ఞత ఖండింపబడుతుంది. రెండవ అన్వయంలో ఆ ఖండన నేరుగా జనవిశ్వాసానికే తగులుతుంది.

ఖురాన్ చెప్పినది ఇంతే. సులైమాన్ ఎంతకాలం అలా నిలిచి ఉన్నాడో అందులో లేదు. ‘ఒక సంవత్సరం’ అన్న లెక్క వ్యాఖ్యానాల ద్వారా వచ్చింది. తబరీ (మరణం క్రీ.శ. 923) తన తఫ్సీర్‌లో నమోదు చేసిన ఒక కథనం ప్రకారం, చెదపురుగును మళ్ళీ కర్రపై ఉంచి, ఒక పగలూ రాత్రీ అది ఎంత తింటుందో చూసి, ఆ లెక్కన ఆయన మరణించి ఏడాది అయిందని తేల్చారు. ఇబ్న్ కసీర్ (మరణం క్రీ.శ. 1373) ఇటువంటి కథనాలను యూదు పండితుల నుండి వచ్చిన ‘ఇస్రాయీలియ్యాత్’ కోవలో చేర్చాడు. నేటి ప్రసంగాలలోను, పిల్లల పుస్తకాలలోను ఈ ఏడాది లెక్క ఖురాన్ వాక్యంలో భాగమే అన్నట్లు వినిపిస్తుంది. మూలానికీ కథకూ మధ్య హద్దు చెరిగిపోవడం వ్యాఖ్యానాల దశలోనే మొదలైందని దీనివల్ల తెలుస్తుంది. అయితే ఈ చేర్పు మూలార్థాన్ని చెడగొట్టలేదు. జిన్నుల అజ్ఞానాన్ని మరింత పొడిగించింది, అంతే.

4. విన్న మాట, కలిపిన అబద్ధాలు:

జిన్నులకు అగోచరం తెలియకపోతే, వారి సహాయంతో జోస్యం చెప్పేవారి మాట ఒక్కొక్కసారి ఎలా నిజమవుతుందనే ప్రశ్న సహజంగానే పుడుతుంది. ఇదే ప్రశ్నను ముహమ్మద్ ప్రవక్తను కొందరు అడిగినట్లు ఆయిషా ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉంది. ఆ నిజమైన మాట జిన్ను దొంగచాటుగా ఎగరేసుకొని వచ్చినదని, దానిని కోడి కొక్కరించినట్లు తన మిత్రుడైన జోస్యగాడి చెవిలో వేస్తుందని, జోస్యగాళ్ళు దానికి వందకు మించిన అబద్ధాలు కలుపుతారని ప్రవక్త సమాధానమిచ్చినట్లు అందులో ఉంది.

దీని ప్రకారం జిన్నుది స్వతస్సిద్ధమైన జ్ఞానం కాదు, చాటున విన్న మాట. అది కూడా ముక్కగా విన్నది. 72వ అధ్యాయంలో జిన్నులే తమ గురించి చెప్పుకొనే మాటలు దీనికి తోడవుతాయి. ఖురాన్ పఠనాన్ని విని విశ్వసించిన ఒక జిన్నుల బృందం తమ వారితో మాట్లాడే సందర్భం అది. ఇదివరకు వినడానికి ఆకాశంలో తమకు కూర్చునే చోట్లుండేవని, ఇప్పుడు అక్కడ కట్టుదిట్టమైన కావలి, ఉల్కలు ఉన్నాయని వారు చెబుతారు. భూమిపై ఉన్నవారికి కీడు తలపెట్టబడిందో, మేలు ఉద్దేశింపబడిందో తమకు తెలియదని ఒప్పుకొంటారు. జిన్నుల శరణు కోరిన మనుషులు ఉండేవారని, దానివల్ల అపమార్గమే పెరిగిందని అదే అధ్యాయం 6వ వాక్యం పేర్కొంటుంది. నిర్మానుష్యమైన లోయలో రాత్రి బస చేసేవారు ఆ లోయకు అధిపతి అయిన జిన్ను రక్షణ కోరడం ఇస్లాంకు పూర్వపు అరబ్బుల ఆచారమని వ్యాఖ్యాతలు దీనిని వివరించారు.

5. అధికారం ఎవరిది?

తన తరువాత మరెవ్వరికీ తగని రాజ్యాన్ని తనకు ప్రసాదించమని సులైమాన్ ప్రార్థించినట్లు 38వ అధ్యాయం 35వ వాక్యంలో ఉంది. గాలిపైన, షయాతీన్‌పైన ఆయనకు లభించిన అధికారం ఆ ప్రార్థనకు ఫలితంగా వస్తుంది. ఈ వాక్యాన్ని ముహమ్మద్ ప్రవక్త ఎలా అర్థం చేసుకున్నాడో చూపే హదీసు ఒకటి బుఖారీలో ఉంది. ఒక రాత్రి ఒక ఇఫ్రీత్ ఆయన నమాజుకు భంగం కలిగించబోయింది. దానిని పట్టుకొనే శక్తి దైవం ఆయనకిచ్చాడు. తెల్లవారి అందరూ చూసేలా మసీదు స్తంభానికి కట్టివేయాలని ఆయన అనుకున్నాడు. ఇంతలో సోదర ప్రవక్త సులైమాన్ చేసిన ప్రార్థన గుర్తుకువచ్చి, దానిని విడిచి తరిమేశాడు.

ఈ హదీసు ప్రాముఖ్యం స్పష్టం. జిన్నును బంధించి నిలపడం సులైమాన్‌కు ప్రత్యేకించిన అధికారమని భావించి ప్రవక్తే వెనుకకు తగ్గాడు. అటువంటప్పుడు జిన్నును వశపరచుకున్నామని, సీసాలో బంధించామని, దానితో పని చేయించగలమని చెప్పుకొనేవారి మాటకు ఈ మూలాలలో ఆధారం దొరకదు. తాయెత్తుకో, పోయిన వస్తువు జాడకో జిన్ను పేరు చెప్పి డబ్బు తీసుకొనేవారి వాదం రెండు చోట్ల వీగిపోతుంది. 38వ అధ్యాయం వారి అధికారాన్ని, 34వ అధ్యాయం వారి జిన్ను జ్ఞానాన్ని నిరాకరిస్తాయి.

జనశ్రుతిలో ఈ అధికారం సులైమాన్ ఉంగరంలోకి చేరింది. ఖురాన్‌లో ఉంగరం ప్రస్తావన లేదు. బాబిలోనియా తల్మూద్‌లోని గిత్తీన్ భాగంలో దైవనామం చెక్కిన ఉంగరంతో, గొలుసుతో అష్మెదాయ్ అనే దయ్యాలరాజును పట్టి తెప్పించిన కథ ఉంది. తరువాత ఆ దయ్యం ఉంగరాన్ని చేజిక్కించుకొని సొలొమోనును గెంటివేస్తుంది. ముస్లిం వ్యాఖ్యానాలలో కొన్ని ఈ కథను పోలిన వృత్తాంతాన్ని 38వ అధ్యాయం 34వ వాక్యానికి జోడించాయి. ఇబ్న్ కసీర్ దానినీ ఇస్రాయీలియ్యాత్‌గానే గుర్తించాడు. ఉంగరం వల్ల వచ్చిన మార్పు చిన్నది కాదు. ప్రార్థనకు ఫలితంగా ఒక ప్రవక్తకు దక్కిన అధికారం చేతులు మారే వస్తువైంది. వస్తువును దొంగిలించవచ్చు, అమ్మవచ్చు, పోగొట్టుకోవచ్చు. దీపం కథకు మార్గం ఇక్కడే ఏర్పడింది.

6. జాలరి కథ నుండి అల్లావుద్దీన్ దాకా:

‘వెయ్యిన్నొక్క రాత్రులు’ కథలలో జాలరి, జిన్ను కథ పాతది. ఆ కథల తొలి ప్రధాన ప్రతిగా పండితులు పరిగణించే, 14 లేదా 15వ శతాబ్దానికి చెందిన అరబ్బీ రాతప్రతిలో అది ఉంది. జాలరి వలలో ఒక లోహపు పాత్ర పడుతుంది. దాని మూతిపై సులైమాన్ ముద్ర ఉంటుంది. ఆయనపై తిరగబడినందుకు బంధింపబడిన జిన్ను అందులో ఉంది. ఖురాన్‌లోని సంకెళ్ళు ఈ కథలో పాత్రగా మారాయి.

బయటకు వచ్చిన జిన్ను మొదట చేసే పని మన పరిశీలనకు ముఖ్యం. అది సులైమాన్‌ను సంబోధించి, ఇకపై ఆజ్ఞ మీరనని, తనను చంపవద్దని వేడుకుంటుంది. సులైమాన్ మరణించి వెయ్యిన్ని ఎనిమిది వందల ఏళ్ళు గడిచాయని జాలరి చెప్పేదాకా దానికి ఆ సంగతి తెలియదు. ఆ తరువాత జాలరి దానిని మాటలతో మభ్యపెట్టి తిరిగి పాత్రలోకి పంపగలుగుతాడు. వినోదం కోసం చెప్పిన కథే అయినా, ఇందులో 34వ అధ్యాయం తర్కం చెక్కుచెదరలేదు. సులైమాన్ మరణం జిన్నుకు తెలియకపోవడం, సామాన్యుడైన మనిషి దానికి ఆ సంగతి చెప్పడం, బలంలో మించినా జ్ఞానంలో అది ఓడిపోవడం అన్నీ ఇక్కడున్నాయి.

అల్లావుద్దీన్ కథ సంగతి వేరు. పైన చెప్పిన రాతప్రతిలో అది లేదు. ఫ్రెంచ్ అనువాదకుడు ఆంత్వాన్ గాలాఁ (గాలన్) 1709లో పారిస్‌లో అలెప్పోకు చెందిన మారొనైట్ క్రైస్తవుడు హన్నా దియాబ్ ద్వారా ఆ కథను విన్నాడు. 1712లో తన సంపుటాలలో ప్రచురించాడు. ‘జిన్నీ’కి అతడు వాడిన ‘జెనీ’ అనే ఫ్రెంచ్ పదం లాటిన్ ‘జీనియస్’ నుండి వచ్చింది. ఒక మనిషినో స్థలాన్నో అంటిపెట్టుకొని కాపాడే శక్తి అని దాని పాత అర్థం. ధ్వనిలో దగ్గరగా ఉన్న ఈ పదంతో ఆ అర్థఛాయ కూడా జిన్నుకు సంక్రమించింది.

ఈ కథలో దీపం ఎవరి చేతిలో ఉంటే జిన్ను వారి మాట వింటుంది. మాంత్రికుడు దీపాన్ని అపహరిస్తే, అదే జిన్ను అల్లావుద్దీన్ భవనాన్ని పెకలించి మాంత్రికుడికి అప్పగిస్తుంది. దానికి తప్పొప్పుల వివేచన లేదు, విశ్వాసం లేదు, తీర్పుదినం లేదు. హద్దులు కొన్ని మిగిలాయి. భవనాన్ని తిరిగి తేవడం తన వల్ల కాదని, అది దీపపు బానిసల పని అని ఉంగరపు జిన్ను చెబుతుంది. రుఖ్ పక్షి గుడ్డు తెమ్మన్నప్పుడు దీపపు జిన్ను ఆగ్రహిస్తుంది. ఈ హద్దులు బానిసల మధ్య పనుల పంపకానికీ, యజమాని పట్ల విధేయతకూ సంబంధించినవి. దైవం ఎదుట జవాబుదారీతనం వీటిలో లేదు. సులైమాన్ పేరుతో పాటు ఆయన మరణం నేర్పిన పాఠం కూడా ఇక్కడికి చేరలేదు. మూడు కోరికల పరిమితి కూడా గాలన్ చెప్పిన అల్లావుద్దీన్ కథలో లేదు. అది తరువాతి రూపాలలో చేరింది.

7. తెలుగులో ‘భూతం’:

తెలుగువారికి జిన్ను ఎక్కువగా ఈ చివరి రూపంలోనే చేరింది. 1957 నాటి ‘అల్లావుద్దీన్ అద్భుతదీపం’ చలనచిత్రం, పిల్లల కథల పుస్తకాలు దీనికి ముఖ్య వాహకాలు. కథలలో జిన్నుకు సమానార్థకంగా ‘భూతం’ వాడుకలోకి వచ్చింది. పంచభూతాలు, శివుని భూతగణం అనే ప్రయోగాలలో ఈ పదానికి మరణంతో సంబంధం లేదు. వాడుకలో మాత్రం ‘దయ్యాలు, భూతాలు’ జంటపదమై, చనిపోయినవారి ఆత్మ అనే భావం దానికి అంటుకుంది. ఇస్లాం మూలాల ప్రకారం జిన్నులు పుడతారు, తింటారు, చనిపోతారు, ధర్మానికి బద్ధులై ఉంటారు. ‘భూతం’ అన్నప్పుడు ఈ ధర్మబద్ధత పూర్తిగా జారిపోతుంది. అందువల్ల కథానువాదంలో ‘భూతం’ చెల్లినా, మతగ్రంథాల అనువాదంలోను, వాటిపై పరిశోధనలోను ‘జిన్ను’నే నిలపడం అవసరం.

ముస్లిం ఆలోచనాపరులందరూ జిన్నులను ఒకే తీరుగా అర్థం చేసుకోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 19వ శతాబ్దంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ సులైమాన్ వద్ద పనిచేసిన జిన్నులను అడవుల్లో, కొండల్లో నివసించే బలిష్ఠులైన మనుషులుగా వ్యాఖ్యానించాడు. సంప్రదాయ పండితులు దీనిని అంగీకరించలేదు. ఈ వ్యాసంలోని పరిశీలన సంప్రదాయ వ్యాఖ్యానానికి పరిమితం.

8. ముగింపు:

సులైమాన్ మరణం జిన్నుకు తెలియదన్న అంశం ఖురాన్‌లో తర్కంగా, తఫ్సీర్‌లో ఏడాది లెక్కగా, జాలరి కథలో హాస్యంగా కొనసాగి, అల్లావుద్దీన్ కథలో అదృశ్యమైంది. జనశ్రుతి అంతా మూలానికి విరుద్ధమనే నిర్ణయం సరికాదని జాలరి కథ నిరూపిస్తుంది. ఒక కథ మూలానికి ఎంత దగ్గరగా ఉందో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు ఉపకరిస్తాయి. అందులోని జిన్నుకు తెలియనిది ఏదైనా ఉందా? దానిపై అధికారం వ్యక్తికి దైవం ఇచ్చినదా, వస్తువు వల్ల వచ్చినదా? తన చేతలకు అది ఎవరికైనా జవాబు చెప్పవలసి ఉందా? అల్లావుద్దీన్ కథను ‘ఇస్లామీయ విశ్వాసానికి’ ఉదాహరణగా చూపే ముందు పరిశోధకులు ఈ ప్రశ్నలు వేసుకుంటే, 18వ శతాబ్ది పారిస్‌లో రూపుదిద్దుకున్న ఒక కథను ఏడవ శతాబ్ది గ్రంథానికి అంటగట్టే పొరపాటు తప్పుతుంది.